తలకు 12,999కి అండమాన్: సర్టిఫికెట్లు ఉన్నాయి, కట్టేయమంటారా?

ప్రశ్న: సార్, మాది గాజువాక. సంక్రాంతి సెలవుల్లో మా కుటుంబం, మా మరిది కుటుంబం కలిసి అండమాన్ వెళ్దామనుకుంటున్నాం. పెద్దవాళ్ళం నలుగురం, పిల్లలు ఇద్దరు, ఒకడికి ఏడేళ్ళు, ఒకదానికి నాలుగేళ్ళు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ప్యాకేజీ కనిపించింది. వైజాగ్‌లో విమానం ఎక్కిన దగ్గర్నుంచి మళ్ళీ వైజాగ్‌లో దిగేదాకా టికెట్లు, 5 రాత్రులు హోటలు, బోట్లు, టిఫిన్, రాత్రి భోజనం, అన్నీ కలిపి తలకు 12,999 అంటున్నారు. నేను విడిగా చూస్తే ఆ తేదీలకి విమానం టికెట్లే రానూపోనూ తలకు 17 వేలు చూపిస్తోంది. వాళ్ళ ఆఫీసు ద్వారకానగర్‌లో ఉందట. అడగ్గానే జీఎస్టీ సర్టిఫికెట్, ఉద్యమ్ సర్టిఫికెట్ వాట్సాప్‌లో పెట్టారు. మా మరిది టోకెన్ అని 2,000 వేసేశాడు, అందరి ఆధార్ ఫోటోలు కూడా పంపేశాడు. ఆదివారం రాత్రిలోగా సగం, అంటే 38,997 కట్టకపోతే ఆఫర్ పోతుందట. మా ఆయన వద్దంటున్నారు. మా మరిదేమో ‘గవర్నమెంటు సర్టిఫికెట్లే ఉన్నాయి కదా వదినా’ అంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. వాళ్ళు పంపినవన్నీ మీకు జతచేస్తున్నాను.
ఒక పాఠకురాలు, గాజువాక

సమాధానం: అమ్మా, ఆ 38,997 కట్టకండి. మీ ఆయన చెప్పిందే సరైంది. అయితే ‘వద్దు’ అని ఊరుకుంటే మీ మరిది గారికి సమాధానం దొరకదు. సర్టిఫికెట్లు చూసి నమ్మడం తప్పేమీ కాదు, వాటిని ఎలా చదవాలో ఎవరూ చెప్పరంతే. ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర చాలా ఏళ్ళు టికెట్లు, ప్యాకేజీలు అమ్మినవాడిని కాబట్టి, మీరు పంపిన కాగితాలనే తీసుకుని ఒక్కొక్కటీ చూపిస్తాను.

ముందు ధర సంగతి. మీరు చూసిన 17 వేల లెక్కన ఆరుగురికి విమానం టికెట్లే 1,02,000. రెండేళ్ళు నిండిన పిల్లలకి సీటు కొనాల్సిందే కాబట్టి మీ పిల్లలిద్దరికీ దాదాపు పెద్దవాళ్ళ ఛార్జీయే పడుతుంది. వాళ్ళు అడుగుతున్న మొత్తం 77,994. అంటే హోటలు, బోటు, భోజనం అన్నీ ఉచితంగా ఇచ్చినా టికెట్ల మీదే 24 వేలు చేతి నుంచి వేసుకోవాలి. ‘మాకు గ్రూప్ రేటు వస్తుంది మేడమ్’ అంటారు. గ్రూప్ రేటు ఉన్నమాట నిజమే. ఒకే బుకింగ్‌లో పదిమందికి పైగా వెళ్తుంటే విమాన సంస్థలు విడిగా ధర చెప్తాయి. సీజన్ లేని రోజుల్లో అది కాస్త కలిసొస్తుంది. సంక్రాంతికి మాత్రం సీట్లు ఎలాగూ నిండుతాయి, ఇక తగ్గించి ఇవ్వాల్సిన అవసరం వాళ్ళకేముంది? నా రోజుల్లో పండగ సీజన్‌లో గ్రూప్ రేటు మామూలు ధర కంటే ఎక్కువ పలికిన సందర్భాలు కూడా ఉన్నాయి.

ఇక్కడ ఒక మాట. ధర తక్కువగా కనిపించే ప్రతి ప్రకటనా మోసం కాదు. చాలామంది అసలైన ఏజెంట్లు విమానం కలపకుండా, పోర్ట్ బ్లెయిర్‌లో దిగిన దగ్గర్నుంచి మొదలయ్యే ధర వేస్తారు. దాన్ని మా వాళ్ళు ల్యాండ్ ప్యాకేజీ అంటారు. (పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది, కానీ ఏజెంట్ల నోట ఇంకా పాత పేరే.) అలా వేసుంటే 12,999 నమ్మదగ్గ అంకె అయ్యుండేది. మీకొచ్చిన మెసేజ్‌లో మాత్రం విమానం కలిపే అని స్పష్టంగా రాసి ఉంది. ధర దగ్గరే లెక్క తప్పింది కాబట్టి కాగితాలను ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి.

ఉద్యమ్ సర్టిఫికెట్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే దాని మీద జాతీయ చిహ్నం చూసి మోసపోయేవాళ్ళు ఎక్కువ. చిన్న వ్యాపారం చేసుకునేవాళ్ళు ఆధార్, పాన్ నంబర్లతో ఆన్‌లైన్‌లో తమకు తాము చేసుకునే రిజిస్ట్రేషన్ అది. ఫీజు లేదు. ఏ కాగితమూ అప్‌లోడ్ చేయనక్కర్లేదు, చెప్పిందే రాసుకుంటారు. రేపు పొద్దున్న మీరు ‘అండమాన్ టూర్స్’ అని పేరు పెట్టుకుని రిజిస్టర్ చేసుకుంటే మీ చేతిలోనూ అలాంటి కాగితమే ఉంటుంది. దాన్నిబట్టి వాళ్ళు ట్రావెల్స్ నడుపుతున్నారనిగానీ, నిజాయితీపరులనిగానీ ఏమీ తేలదు. పక్కన పెట్టేయండి.

జీఎస్టీ సర్టిఫికెట్ అలా కాదు, అది పనికొస్తుంది. కాకపోతే వాళ్ళు పంపిన ఫోటోని చూడకూడదు, అందులోని నంబరును చూడాలి. ఫోటోలో పేరు మార్చడం ఫోన్‌లో రెండు నిమిషాల పని. నంబరు వెనకున్న వివరాలు మాత్రం ప్రభుత్వ పోర్టల్‌లో ఉంటాయి, వాటిని వాళ్ళు మార్చలేరు. services.gst.gov.in తెరిచి, Search Taxpayer అనేచోట ఆ 15 అక్షరాల నంబరు వేస్తే లాగిన్ లేకుండానే వివరాలు వస్తాయి. నేను మీ ఫోటోలోని నంబరు వేసి చూశాను.

అసలు పోర్టల్ దాకా వెళ్ళకముందే ఆ నంబరు రెండు సంగతులు చెప్పింది. మొదటి రెండంకెలు రాష్ట్రానికి గుర్తు. ఆంధ్రప్రదేశ్‌కి 37, తెలంగాణకి 36, అండమాన్‌కి 35. మీకు పంపినదాంట్లో మొదటి రెండంకెలు 07, అంటే ఢిల్లీ. ద్వారకానగర్‌లో ఆఫీసు ఉండి ఇక్కడి జనానికి ప్యాకేజీలు అమ్మేవాళ్ళు ఇక్కడి నంబరే ఇవ్వాలి. ఢిల్లీ కంపెనీకి ఇక్కడ బ్రాంచి ఉన్నా, దానికి 37తో మొదలయ్యే నంబరు విడిగా ఉండాలి. ఆ రెండంకెల తర్వాత వచ్చే పది అక్షరాలు యజమాని పాన్ నంబరు. పాన్‌లో నాలుగో అక్షరం, అంటే జీఎస్టీ నంబరులో ఆరోది, P అయితే అది ఒక వ్యక్తిది, C అయితే కంపెనీది, F అయితే భాగస్వామ్య సంస్థది. మీవాళ్ళు వాట్సాప్‌లో ‘ప్రైవేట్ లిమిటెడ్’ అని రాసుకున్నారు. నంబరులో ఆరో అక్షరం P.

పోర్టల్‌లో Legal Name దగ్గర ఒక మనిషి పేరు వచ్చింది. వ్యాపారం పేరులో ట్రావెల్స్ అన్న మాటే లేదు, చూడబోతే బట్టల కొట్టులా ఉంది. స్టేటస్ Active అనే ఉంది. అంటే నంబరు దొంగది కాదు, అసలైనదే, వేరేవాళ్ళది. ఢిల్లీలో ఎవరో బట్టలమ్ముకునే ఆయన సర్టిఫికెట్ ఎక్కడో దొరికితే పైన పేరు మార్చి మీకు పంపారు. ఆ మనిషికి ఈ సంగతి తెలిసి కూడా ఉండకపోవచ్చు. మీ మరిది గారు ఒకవేళ పోర్టల్‌లో చూసినా, Active అన్న మాట చూసి ‘నంబరు కరెక్టే వదినా’ అనేసి ఉండేవారు. అక్కడే జనం ఆగిపోతారు. నంబరు ఉందా లేదా అన్నదానికంటే అది ఎవరి పేరు మీద ఉంది, ఏ ఊళ్ళో ఉంది, ఏ వ్యాపారానికి తీసుకున్నది అని చూడాలి. అదే పేజీలో కింద రిటర్నులు దాఖలు చేసిన వివరాలు కూడా చూడొచ్చు. రోజూ వ్యాపారం చేసే ఏజెంటు అయితే అక్కడ క్రమంగా తేదీలు కనిపిస్తాయి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మంచివాళ్ళని అనుమానించినవాడినవుతాను. సేవలమ్మే వ్యాపారానికి ఏడాదికి 20 లక్షల లోపు టర్నోవర్ అయితే సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఒక్క టేబులు, ఒక్క ఫోనుతో నిజాయితీగా బతికే చిన్న ఏజెంట్లు మన ఊళ్ళో చాలామంది ఉన్నారు. జీఎస్టీ లేదని చెప్పేవాడు దొంగ కాదు. అయితే అలాంటివాడు బిల్లులో జీఎస్టీ అని డబ్బు వసూలు చేయకూడదు. అదీ కాక, ఇంకొకరి నంబరు తెచ్చి తనదని చూపించేవాడితో ఆ పైన మాట్లాడాల్సింది ఏమీ ఉండదు.

తర్వాత డబ్బు వేయమని వాళ్ళు మీకు పంపిన క్యూఆర్ కోడ్. డబ్బు వేయకుండా, స్కాన్ చేసి పేరు వచ్చేదాకా మాత్రమే చూశాను. 2025 జూన్ 30 నుంచి యూపీఐ యాప్‌లు డబ్బు పంపే ముందు, అవతలివాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు కాకుండా బ్యాంకు రికార్డుల్లో ఉన్న పేరే చూపించాలి. ఇది మనకి చాలా మేలు చేసింది. అంతకుముందు ఎవరైనా తమ ప్రొఫైల్‌కి ఏ పేరైనా పెట్టుకునేవారు. మీ క్యూఆర్ స్కాన్ చేస్తే ఇంకో మనిషి పేరు వచ్చింది. ఏజెన్సీ పేరు కాదు, జీఎస్టీలో ఉన్న ఆయన పేరూ కాదు. ప్రకటనలో ఒకరు, పన్ను నంబరులో ఒకరు, డబ్బు అందుకునేది ఇంకొకరు. ఒక్క వ్యాపారానికి ముగ్గురు మనుషులు, ఒకరికొకరు సంబంధం లేదు.

అడిగితే ఏమంటారో కూడా తెలుసు: ‘మా అకౌంటెంట్ ఖాతా మేడమ్, కంపెనీ ఖాతాకి లిమిట్ అయిపోయింది.’ కరెంట్ ఖాతాకి డబ్బు రావడానికి లిమిట్ ఏమిటి? ఏ బ్యాంకయినా నెఫ్ట్‌లో తీసుకుంటుంది. సొంతంగా నడుపుకునే చిన్న ఏజెంటు తన పేరు మీదున్న ఖాతాకే వేయమనొచ్చు, అది మామూలే. అప్పుడు ఆ పేరు, జీఎస్టీలో Legal Name, రసీదు మీద సంతకం ఒకటే కావాలి. నెఫ్ట్‌లో పంపాలన్నా ఇప్పుడు ఖాతా నంబరు వేయగానే పేరు చూపించే సదుపాయం ఉంది. ఆ పేరు కలవకపోతే ఒక్క రూపాయి కూడా పంపకండి.

ఇన్‌స్టాగ్రామ్ అకౌంటు గురించి ఎక్కువ చెప్పను. పేరు పక్కన మూడు చుక్కలు నొక్కితే About this account అని వస్తుంది. ఎప్పుడు మొదలైంది, ఏ దేశం నుంచి నడుస్తోంది, ఇంతకుముందు ఎన్నిసార్లు పేరు మార్చారు అని కొన్ని అకౌంట్లకి చూపిస్తుంది. 40 వేల మంది ఫాలోవర్లున్న అకౌంటు ఎవరిదో కొని పేరు మార్చుకోవచ్చు. రాధానగర్ బీచిలో నవ్వుతూ మాట్లాడే కస్టమర్ల వీడియోలు ఇంకొకరి పేజీ నుంచి ఎత్తుకురావచ్చు. అందుకని దాన్ని నేను సాక్ష్యంగా తీసుకోను. ద్వారకానగర్ అడ్రసు అయితే మీకు బస్సు దూరమే. వెళ్ళి చూడొచ్చు. ‘ఆఫీసుకి వచ్చి చెక్కు ఇస్తాం’ అని ఒక్క మాట అనండి చాలు, ‘ఈ రోజు ఆఫీసు లేదు, మా స్టాఫ్ అందరూ టూర్‌లో ఉన్నారు’ అన్న జవాబు వస్తుంది.

ఇవన్నీ చూశాక కూడా మీ మరిది గారికి మనసు ఒప్పకపోతే, నేను ఎప్పుడూ చెప్పే పరీక్ష ఒకటుంది. ‘విమానం టికెట్లు మేమే కొనుక్కుంటాం. మాకు ల్యాండ్ ప్యాకేజీ మాత్రం ఇవ్వండి, దాని ధర చెప్పండి’ అని అడగండి. నిజమైన ఏజెంటుకి ఇందులో ఇబ్బందేమీ లేదు. విమానం టికెట్ల మీద అతనికి మిగిలేది ఎంతో కాదు, హోటళ్ళ మీదే అతని లాభం. వెంటనే ఒప్పుకుంటాడు. మోసగాడు ఒప్పుకోడు. పెద్ద మొత్తం, తొందరపెట్టే వీలు రెండూ ఉన్నది టికెట్ల దగ్గరే కదా, ‘సీట్లు అయిపోతున్నాయి’ అన్న మాటతోనే అతని వ్యాపారం నడుస్తుంది. మీకు కూడా ఇదే మేలు. వైజాగ్ నుంచి చెన్నై మీదుగానో కోల్‌కతా మీదుగానో విమాన సంస్థ సొంత యాప్‌లో మీ కార్డుతో, మీ ఫోన్ నంబరుతో కొనుక్కుంటే ఆ టికెట్లు మీ చేతిలో ఉంటాయి.

ఏజెంటు కొన్న టికెట్ల గురించి చాలామందికి తెలియనిది ఒకటి చెప్తాను. పీఎన్ఆర్ అని ఆరక్షరాల కోడ్ ఇస్తారు, విమాన సంస్థ వెబ్‌సైట్‌లో ఇంటిపేరుతో కలిపి వేస్తే మీ పేర్లు కనిపిస్తాయి. జనం ‘అమ్మయ్య’ అనుకుని మిగతా డబ్బు కట్టేస్తారు. అతను మోసగాడైతే మర్నాడు ఆ టికెట్లు రద్దు చేసుకుంటాడు. రిఫండ్ ఎవరు కొన్నారో వాళ్ళ ఖాతాకే వెళ్తుంది, అంటే అతనికే. రద్దయినట్టు మెసేజ్ బుకింగ్‌లో ఇచ్చిన నంబరుకి వెళ్తుంది, అదీ అతనిదే. మీరు ప్రయాణం రోజున ఎయిర్‌పోర్టు గేటు దగ్గర ఆ సంగతి తెలుసుకుంటారు. కాబట్టి ఎవరి దగ్గర కొన్నా, బుకింగ్‌లో మీ మొబైలు, మీ ఈమెయిల్ పెట్టించుకోండి. ఒకసారి చూసి ఊరుకోకుండా వారం ఆగి, మళ్ళీ బయల్దేరే ముందు చూసుకోండి.

హోటళ్ళకి కూడా అదే చిక్కు ఉంది, అది నేను నా నెత్తి మీదకి తెచ్చుకుని నేర్చుకున్నాను. చాలా ఏళ్ళ కింద ఇలాంటి పండగ రోజుల్లోనే 14 మందిని అరకు పంపించాను. గదులు నేరుగా కాకుండా మధ్యవర్తి ద్వారా తీసుకున్నాను. అతను వోచరు ఇచ్చాడు, అందులో పేర్లు, తేదీలు అన్నీ ఉన్నాయి. మా వాళ్ళు రాత్రి ఎనిమిదింటికి చలిలో వణుకుతూ అక్కడికి చేరితే రిసెప్షన్‌లో ‘బుకింగ్ ఉండేది, డబ్బు రాలేదని నాలుగు రోజుల కిందటే వదిలేశాం’ అన్నారు. సీజన్‌లో అరకులో ఆ వేళప్పుడు ఇంకెక్కడ గది దొరుకుతుంది? ఇద్దరు ముసలివాళ్ళతో సహా అందరూ ఆ రాత్రి బస్సులోనే కూర్చున్నారు. ఆ మధ్యవర్తి పూర్తి మోసగాడు కూడా కాదు. ఒకరి డబ్బు ఇంకొకరికి సర్దుతూ ఎక్కడో జారిపోయాడు. నా కస్టమర్లకి ఆ తేడాతో పనేముంది, పోయింది నా పేరు.

హోటళ్ళలో గది ‘హోల్డ్’లో ఉండటం వేరు, కన్‌ఫర్మ్ కావడం వేరు. హోల్డ్‌లో పెట్టిన గదికి ఫలానా తేదీలోగా డబ్బు రాకపోతే వదిలేయాలని గడువుంటుంది. వోచరు చూస్తే ఆ తేడా తెలియదు. ఆ రోజు నుంచి నేను ఏ గదికైనా నా చేత్తో నేనే హోటలుకి ఫోన్ చేసేవాణ్ణి. మీరూ అదే చేయండి. ముందు ఏజెంటు దగ్గర హోటళ్ళ పేర్లు రాతపూర్వకంగా తీసుకోండి. ‘3 స్టార్ లేదా దానికి సమానమైనది’ అని రాస్తే ఒప్పుకోకండి, ఏ రాత్రి ఏ హోటలో పేరు కావాలి. ఆ హోటలు నంబరు ఏజెంటు ఇచ్చింది వాడకండి. హోటలు సొంత వెబ్‌సైట్‌లో ఒకసారి, ఏదైనా పెద్ద బుకింగ్ యాప్‌లో ఒకసారి, మ్యాప్స్‌లో ఒకసారి చూసి, కనీసం రెండుచోట్ల కలిసిన నంబరుకే చేయండి. మ్యాప్స్ ఒక్కదాన్నీ నమ్మొద్దు, అక్కడ నంబరు మార్చమని బయటివాళ్ళు కూడా సూచించొచ్చు, అలా మోసగాళ్ళ నంబర్లు చేరిన సందర్భాలున్నాయి. మన రుషికొండ వైపు హోటళ్ళ కోసం వెతికే బయటి ఊళ్ళవాళ్ళకీ ఇదే చెప్తుంటాను.

ఫోన్‌లో అడగాల్సింది చిన్నదే. డబ్బు కట్టే ముందయితే ‘ఫలానా ఏజెన్సీ మీకు గదులు పంపిస్తుంటుందా?’ అని. అడ్వాన్స్ కట్టాక అయితే ‘నా పేరు మీద, ఈ తేదీలకి రెండు గదులు ఉన్నాయా? హోల్డా, కన్‌ఫర్మా? డబ్బు అందిందా, ఏ తేదీలోగా రావాలి?’ అని. పగటిపూట చేస్తే రిజర్వేషన్ చూసేవాళ్ళు దొరుకుతారు. రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాడు ‘పొద్దున్న చేయండి’ అనేస్తాడు. మీకు పంపిన ప్లాన్‌లో హ్యావ్‌లాక్ దీవిలో రెండు రాత్రులకి ఒక రిసార్టు పేరు రాశారు. నేను ఇలాగే నంబరు వెతికి ఫోన్ చేస్తే, ఆ ఏజెన్సీ పేరు ఎప్పుడూ వినలేదన్నారు. సంక్రాంతి వారానికి వాళ్ళు చెప్పిన గది అద్దె వింటే, మీ ప్యాకేజీ డబ్బులో మంచి భాగం ఆ రెండు రాత్రులకే సరిపోతుంది.

వేరే మంచి ఏజెంటు దొరికాక డబ్బు ఎలా కట్టాలో కూడా చెప్పాలి కదా. ల్యాండ్ ప్యాకేజీకి మొదట నాలుగో వంతు ఇచ్చి, హోటళ్ళు కన్‌ఫర్మ్ అయ్యాయని మీరే ఫోన్‌లో విన్నాక ఇంకో సగం, మిగిలింది అక్కడ దిగాక. ఒప్పుకునేవాళ్ళు ఉంటారు. సీజన్‌లో హోటళ్ళు ముందే మొత్తం అడుగుతాయి కాబట్టి కొందరు ఇంకాస్త ఎక్కువ అడగొచ్చు, అది అన్యాయం కాదు. వీలైతే క్రెడిట్ కార్డుతో కట్టండి. సేవ అందకపోతే బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి అడిగే దారి దానికి ఉంటుంది. యూపీఐలో మనంతట మనమే పిన్ కొట్టి పంపిన డబ్బుకి ఆ దారి చాలా ఇరుకు.

ఇప్పుడు పోయిన 2,000 సంగతి. చిన్న మొత్తం కదా అని వదిలేయకండి. మీ మరిది గారి చేత ఈ రోజే 1930కి ఫోన్ చేయించండి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టించండి. యూపీఐ యాప్‌లో ఆ చెల్లింపు తెరిస్తే 12 అంకెల యూటీఆర్ నంబరు ఉంటుంది. అది, తేదీ, సమయం, అవతలి యూపీఐ ఐడీ, వాట్సాప్ మాటల స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి. ఎంత త్వరగా చెప్తే, ఆ డబ్బు ఇంకో ఖాతాకి దాటకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆలస్యమైతే డబ్బు రాకపోవచ్చు, అబద్ధం చెప్పను. అయినా అదే ఖాతా మీద ఇంకా ఫిర్యాదులుంటే మీదీ వాటికి తోడవుతుంది. వాట్సాప్ చాట్ మాత్రం చెరిపేయకండి, నంబరు బ్లాక్ చేసే ముందు అన్నీ దాచుకోండి.

ఒక హెచ్చరిక. మీరు ‘మేం కట్టం’ అని చెప్పగానే అతను కోప్పడడు, ‘సరే మేడమ్, మీ 2,000 రిఫండ్ ఇచ్చేస్తాం’ అనే అవకాశం ఎక్కువ. ఆ తర్వాత ఒక లింకు వస్తుంది, లేదా ‘ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అంటాడు, లేదా టికెట్ అని చెప్పి చివర .apk ఉన్న ఫైలు పంపిస్తాడు. మనకి డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. ఆ ఫైలు ఫోన్‌లో ఎక్కితే మీ మెసేజ్‌లు, ఓటీపీలు అతను చదవగలడు. అసలు దోపిడీ చాలాసార్లు ఈ రిఫండ్ దగ్గరే జరుగుతుంది.

ఆధార్ ఫోటోలు వెళ్ళిపోయాయి, వాటిని వెనక్కి తేలేం. విమానం టికెట్ కొనడానికి పేర్లు, పిల్లల వయసు ఉంటే చాలు, ఆధార్ కాపీ అడిగినప్పుడే అనుమానం రావాల్సింది. హోటలుకి చెక్‌ఇన్‌లో చూపించొచ్చు. ఇప్పుడు చేయగలిగింది రెండు పనులు. ఎంఆధార్ యాప్‌లో పెద్దవాళ్ళ నలుగురి బయోమెట్రిక్స్ లాక్ చేయండి. sancharsaathi.gov.in లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసుకుని, మీవి కానివి ఉంటే అక్కడే రిపోర్టు చేయండి. నెల రోజుల తర్వాత మళ్ళీ ఒకసారి చూడండి.

ఇక ఆదివారం రాత్రిలోగా అతనికి ఏం చెప్పాలి అని మీకు ఇబ్బందిగా ఉంటుంది. ఈ మాటలు అలాగే పంపేయండి: ‘విమానం టికెట్లు మేమే కొన్నాం. ల్యాండ్ ప్యాకేజీ ధర, ఏ రాత్రి ఏ హోటలో పేర్లతో, 37తో మొదలయ్యే మీ జీఎస్టీ నంబరుతో బిల్లు పంపండి. బిల్లు మీదున్న పేరుతోనే ఉన్న కరెంట్ ఖాతాకి సోమవారం బ్యాంకు నుంచి వేస్తాం.’ దీనికి అతను బిల్లు పంపిస్తే నాకు పంపండి, ఆ నంబరు కూడా వేసి చూస్తాను. నాకైతే రెండు నీలం టిక్కులు పడి అక్కడితో ఆగిపోతుందనిపిస్తోంది. మీ మరిది గారి ఫోన్ నుంచే పంపించండి, ఆయనే చూస్తారు.